డాష్ తీసేస్తే అన్నయ్యకు కోపం వచ్చింది

ప్రశ్న: నా వయసు 42. ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెబుతాను. కవిత్వం ఆలస్యంగా మొదలుపెట్టాను. నాన్న ఆసుపత్రిలో పోయిన రాత్రి అమ్మ, నేను పక్కన ఉన్నాం. అన్నయ్య బెంగళూరు నుంచి రైల్లో వస్తున్నాడు, అందుకోలేకపోయాడు. ఆ రాత్రి గురించి తొమ్మిది పంక్తుల కవిత రాసి ఒక పత్రికకు పంపాను. ఈమధ్యే అచ్చయింది. మాట ఒక్కటి కూడా మార్చలేదు. నా డాష్‌లు మాత్రం తీసేసి కామాలు, ఫుల్‌స్టాప్‌లు పెట్టారు. నేను పంపింది ఇది:

తెల్లవారుతోంది
అన్న రాలేదు –
రైలు ఇంకా దారిలోనే –
నాన్న కళ్లు తలుపు మీద –
అమ్మ – చేయి వదలలేదు –
నేను నీళ్లు తాగించి –
మూతి తుడిచి –
వచ్చాడు
అని చెప్పి –

అచ్చయింది ఇది:

తెల్లవారుతోంది.
అన్న రాలేదు.
రైలు ఇంకా దారిలోనే,
నాన్న కళ్లు తలుపు మీద,
అమ్మ చేయి వదలలేదు.
నేను నీళ్లు తాగించి,
మూతి తుడిచి,
‘వచ్చాడు’
అని చెప్పి...

అన్నయ్య చదివి, "నేను రాలేదని ఊరంతా చాటావు" అని ఫోను పెట్టేశాడు. ఆ తర్వాత మాట్లాడలేదు. అమ్మ, "చేయి పట్టుకున్నది నేను కదా, నాన్న పట్టుకున్నట్టు రాశావేమిటి" అంది. పత్రికలో అడిగితే ఉపసంపాదకుడు, "డాష్‌లు ఇంగ్లిష్ మోజు, తెలుగు వాక్యానికి చుక్క ఉండాలి" అన్నారు. నా కవితలు పుస్తకంగా వేయాలనుకుంటున్నాను. డాష్‌లు ఉంచాలా, ఆయన చెప్పినట్టు మార్చాలా, అసలేమీ పెట్టకుండా వదిలేయాలా? పత్రికను సవరణ అడగాలా? అన్నయ్యకు ఏమని చెప్పాలి?

– ఒక పాఠకురాలు

జవాబు:

రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టుకుని పైకి చదివాను. ఉపసంపాదకుడు మీ కవితను కొన్ని చోట్ల నిజంగానే పాడుచేశారు. ఒక చోట మాత్రం ఆయన చేసిన పని మీ పనికంటే నయం. మీకు ఇష్టం లేకపోయినా ఈ రెండో మాట కూడా చెప్పాలి, ఎందుకంటే పుస్తకం విషయంలో మీ నిర్ణయం దాని మీదే ఆధారపడుతుంది. పంక్తుల వరసలోనే వెళదాం.

అన్నయ్యకు తగిలిన చోటు రెండో పంక్తి. ‘అన్న రాలేదు’ అన్నప్పుడు ‘రాలేదు’ సమాపక క్రియ. తెలుగులో వాక్యం ముగిసిందని చెప్పే పని ఆ క్రియే చేసేస్తుంది. చుక్క ఉన్నా లేకపోయినా చదివేవాళ్ల గొంతు అక్కడ దిగుతుంది. మీ మొదటి పంక్తినే చూడండి. ‘తెల్లవారుతోంది’ దగ్గర మీరు ఏ గుర్తూ పెట్టలేదు, అయినా ఎవరూ దాన్ని తర్వాతి పంక్తితో కలిపి చదవరు. మరి అప్పటికే ముగిసిన వాక్యానికి చుక్క కూడా పెడితే ఏమవుతుంది? వ్యాసంలో ఏమీ కాదు, కంటికి అలవాటే. రెండే మాటలున్న కవితా పంక్తిలో మాత్రం అది తీర్పులా వినిపిస్తుంది. అన్న రాలేదు. అంతే, ఇక చెప్పేదేమీ లేదు.

మీ డాష్ చేసింది సరిగ్గా దీనికి వ్యతిరేకమైన పని. క్రియ మూసిన వాక్యాన్ని అది మూసుకోనివ్వలేదు. ‘అన్న రాలేదు – రైలు ఇంకా దారిలోనే’ అన్నప్పుడు రెండో ముక్క మొదటిదానికి కారణం అవుతుంది. ‘ఎందుకంటే’ అన్న మాట రాయకుండానే చెప్పారు. అచ్చులో చుక్క ఆ కారణాన్ని తెంపింది. పైగా ‘దారిలోనే’ తర్వాత పడ్డ కామా ఆ పంక్తిని కిందికి లాక్కుపోయింది. రైలు దారిలో, నాన్న కళ్లు తలుపు మీద, అమ్మ చేయి... అంటూ అది ఆ రాత్రి దృశ్యాల జాబితాలో చేరిపోయింది. అన్నయ్య ఎందుకు రాలేదో చెప్పాల్సిన పంక్తి వట్టి నేపథ్యంగా మిగిలింది. పైన తీర్పు, కింద దానితో సంబంధం లేని రైలు. మీ అన్నయ్య చదివింది అదే.

ఇక అమ్మ అడిగిన ప్రశ్న. ఈ కవితలో విరామచిహ్నం అర్థాన్నే మార్చిన చోటు ఇది. తెలుగులో చాలా నామవాచకాలకు వెనక మరో నామవాచకం వస్తే రూపం మారుతుంది. ఇల్లు ‘ఇంటి’ అవుతుంది, ఊరు ‘ఊరి’ అవుతుంది, చేయి ‘చేతి’ అవుతుంది. కానీ అమ్మ, నాన్న, అన్న, అక్క మారవు. ‘అమ్మ వచ్చింది’లోనూ అమ్మే, ‘అమ్మ చీర’లోనూ అమ్మే. అందుకని ‘అమ్మ చేయి వదలలేదు’ అంటే అమ్మ ఎవరి చేతినో వదలలేదని కావచ్చు, ఎవరో అమ్మ చేతిని వదలలేదనీ కావచ్చు. మాట్లాడేటప్పుడు ఈ చిక్కు రాదు, ‘అమ్మ’ తర్వాత కాస్త ఆగుతాం. కాగితం మీద ఆ ఆగడాన్ని మీ డాష్ చూపించింది. అది పోయాక చదివేవారు కర్త కోసం వెనక్కి చూస్తారు. అక్కడ ‘నాన్న కళ్లు తలుపు మీద’ ఉంది, దాని చివర వాక్యం అయిపోలేదని చెప్పే కామా ఉంది. ఇంకేముంది, వదలనిది నాన్నే అయ్యారు. చనిపోబోతున్న మనిషి భార్య చేయి వదలలేదన్నది మంచి పంక్తే. కానీ అది మీరు రాసింది కాదు, ఆ రాత్రి జరిగిందీ కాదు.

అక్కడ కామా చాలదా అని మీరు అడగవచ్చు. ‘అమ్మ, చేయి వదలలేదు’ అని విడిగా రాస్తే చాలు. కానీ పై పంక్తి చివర కూడా కామా ఉంటే చాలదు. ‘తలుపు మీద, అమ్మ, చేయి’ అని మళ్లీ జాబితా అయిపోతుంది. ఒక గుర్తు ఎంత పనిచేస్తుందన్నది దాని పక్కన ఏముందన్న దాన్ని బట్టి ఉంటుంది. పై పంక్తి చుక్కతో ఆగితే ఇక్కడ కామా సరిపోతుంది. పైన ఏమీ లేకపోయినా సరిపోతుంది. అప్పుడు డాష్ పెడితే అమ్మ కాసేపు ఒక్కతే నిలబడుతుంది, చేతి మాట తర్వాత వస్తుంది. మీకు కావలసింది ఆ ఒంటరితనమా, స్పష్టత మాత్రమేనా అన్నది మీరే తేల్చుకోవాలి.

తర్వాతి రెండు పంక్తుల్లో నేను ఉపసంపాదకుడి వైపే. ‘తాగించి’, ‘తుడిచి’ అసమాపక క్రియలు. ఇంకో క్రియ రావాలని అవి వాటంతట అవే చెబుతాయి. వాక్యాన్ని తెరిచి ఉంచడానికి వాటికి డాష్ సాయం అక్కర్లేదు. ఆ రెండు డాష్‌లూ చేసిందల్లా మీ చేతి కదలికను తునకలు చేయడం. నీళ్లు పట్టడం, మూతి తుడవడం, మాట చెప్పడం వెంటవెంటనే జరిగే పనులు. ఆయన కామాలు కనీసం ఆ ఒరవడిని నిలబెట్టాయి. నేనైతే కామాలు కూడా తీసేస్తాను. పంక్తి విరుపు ఉండనే ఉంది, ప్రత్యయం ఉండనే ఉంది, మూడో కాపలా ఎందుకు?

ఎనిమిదో పంక్తి గురించి మీరు ఒక్క మాట కూడా అనలేదు. నా దృష్టిలో పెద్ద నష్టం అక్కడే జరిగింది. మీ రాతలో ‘వచ్చాడు’ ఏ గుర్తూ లేకుండా, ఒంటరిగా ఒక పంక్తిలో ఉంది. చదివేవారు అక్కడికి రాగానే అన్న వచ్చేశాడనే అనుకుంటారు. సమాపక క్రియ కదా, వాక్యం అయిపోయింది, తలుపు తెరుచుకుంది. తర్వాతి పంక్తి ‘అని చెప్పి’ అనగానే అది తండ్రికి చెప్పిన మాట మాత్రమేనని తెలుస్తుంది. ఆ ఒక్క క్షణం చదివేవారు కూడా మీ నాన్నలాగే నమ్ముతారు. కవిత ప్రాణం అందులో ఉంది. ‘వచ్చాడు’ చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టగానే అది ఎవరో అన్న మాటేనని ముందే తెలిసిపోయింది. నమ్మే అవకాశమే లేకుండా పోయింది. తీసేసిన డాష్‌ల గురించి మీరు బాధపడుతున్నారు కానీ, ఇక్కడ దెబ్బతిన్నది మీరు ఏ గుర్తూ పెట్టని చోటు. పుస్తకానికి ప్రూఫులు చూసేటప్పుడు ఇలాంటి ఖాళీలను కూడా కాపాడుకోవాలి. గుర్తు పోతే వెంటనే కనిపిస్తుంది, కొత్తగా చేరితే ‘సరిదిద్దారులే’ అనిపించి జారిపోతుంది.

చివరి పంక్తిలో మూడు చుక్కలు. మన వారపత్రికల కథలకు అలవాటైన గుర్తు ఇది. గొంతు సన్నగిల్లి ఆగిపోతున్నట్టు, చదివేవారిని ఒక నిట్టూర్పు విడవమన్నట్టు ఉంటుంది. డాష్ అలా సన్నగిల్లదు, తెగుతుంది. ‘అని చెప్పి’ తర్వాత రావలసిన క్రియ రాలేదు. ‘చెప్పి ఏం చేశాను’ అన్న దానికి కవితలో జవాబు లేదు. అది చెప్పలేక ఆగారా, చెప్పేలోపే ఏదో జరిగిపోయిందా? డాష్ పెడితే రెండోది వినిపిస్తుంది. చుక్కలు పెడితే మొదటిది. ఏ గుర్తూ లేకుండా వదిలినా అసమాపక క్రియ గాలిలోనే వేలాడుతుంది, కాకపోతే కొందరు అచ్చులో ఒక పంక్తి ఎగిరిపోయిందేమో అనుకుంటారు. చుక్కలు మాత్రం వద్దని నా అభిప్రాయం. మిగతా కవితలో ఎక్కడా మీరు కన్నీరు అడగలేదు, చివర్లో మాత్రం అడగడం ఎందుకు?

‘ఇంగ్లిష్ మోజు’ అన్న మాటకు వద్దాం. ఆ లెక్కన ఆయన పెట్టిన కామా, ఫుల్‌స్టాప్ కూడా ఇంగ్లిష్ అచ్చు నుంచి వచ్చినవే. పాత పద్యానికి చివర నిలువు గీత తప్ప మరేం లేదు. అక్కడ యతి అన్నది కూడా తెలుగులో అక్షరాల మైత్రే కానీ ఆగే చోటు కాదు, మాట మధ్యలో కూడా పడుతుంది. ఎక్కడ ఆగాలో చదివేవారి గొంతు చూసుకునేది. కంటితో మౌనంగా చదివే వచన కవితకు ఆ గొంతు లేదు కాబట్టి గుర్తులు అరువు తెచ్చుకున్నాం. అరువులో డాష్ ఒక్కటే పరాయిదనడం కుదరదు.

అయితే డాష్‌కు పుట్టిల్లనదగ్గ కవయిత్రి ఇంగ్లిష్‌లోనే ఉంది, ఆమెకు జరిగింది మీరు తెలుసుకోవాలి. ఎమిలీ డికిన్‌సన్ అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, ఆమ్హెర్స్ట్ ఊరిలో ఉండేది. 1,800కు దగ్గరగా కవితలు రాసింది, బతికుండగా అచ్చయినవి చాలా కొద్ది. 1866లో గడ్డిలో పాకే పాము మీద ఆమె రాసిన కవిత ఒక దినపత్రికలో పేరు లేకుండా వచ్చింది. అందులో మూడో పంక్తి ‘మీరు దాన్ని చూసే ఉంటారు, చూడకపోయారా’ అనే ధోరణిలో నడిచి, నాలుగో పంక్తిలోకి ఆగకుండా జారాలి. చూడకపోయినా అది చటుక్కున ఎదురవుతుంది అన్న భావం అప్పుడే వస్తుంది. పత్రికలో మూడో పంక్తి చివర విరామచిహ్నం పడింది. ‘చూడలేదూ?’ అని పలకరింపుగా అడిగి ఆగిపోయినట్టయింది. పాము పాకడం అక్కడే తెగింది. ఆమె తన సాహిత్య మిత్రుడు హిగిన్‌సన్‌కు ఉత్తరం రాస్తూ, విరామచిహ్నం వల్ల మూడో పంక్తి చేజారిందని, మూడూ నాలుగూ ఒకటేనని ఫిర్యాదు చేసింది. తమాషా ఏమిటంటే, ఆమె 1886లో మరణించాక, 1890లో తొలి సంపుటిని సిద్ధం చేసినవారిలో ఆ హిగిన్‌సన్ కూడా ఒకరు. మేబెల్ లూమిస్ టాడ్‌తో కలిసి ఆయన ఆ డాష్‌లను చాలావరకు మామూలు కామాలుగా, చుక్కలుగా మార్చారు. వాటిని తిరిగి అచ్చులోకి తెచ్చిన సమగ్ర సంపుటి థామస్ జాన్సన్ సంపాదకత్వంలో 1955లో వచ్చింది.

ఈ కథ విని డాష్‌లన్నీ ఉంచేద్దామని ఉత్సాహపడకండి. డికిన్‌సన్ డాష్‌లు అంత బలంగా పనిచేయడానికి ఒక కారణం కింద ఉన్న ఛందస్సు. చర్చి కీర్తనల నడక అది. ఒక పంక్తికి ఎనిమిది అక్షరాలు, తర్వాతి దానికి ఆరు. ఆ నడక ఆమె పాఠకుల చెవిలో ముందే ఉంది. లయ ‘నడువు’ అంటుంటే డాష్ ‘ఆగు’ అంటుంది. ఆ పెనుగులాట వల్ల ఊపిరి ఆడనట్టుంటుంది. మీది వచన కవిత. కింద అలాంటి నడక లేదు, ప్రతి పంక్తీ ఎలాగూ ఆగుతూనే ఉంది. ఆగే పంక్తి చివర మళ్లీ ఆగమని డాష్ పెడితే అది పెనుగులాడడానికి అక్కడ ఏమీ లేదు. మీ తొమ్మిది పంక్తుల్లో ఎనిమిది డాష్‌లున్నాయి. ఒకటి కారణం చెబుతోంది, ఒకటి అమ్మను విడదీస్తోంది, ఒకటి చివర తెంపుతోంది. మిగతా ఐదూ ఊరికే ఉన్నాయి. అన్నిచోట్లా ఒకే గుర్తు కనిపిస్తే, ఆ మూడూ ప్రత్యేకమని ఉపసంపాదకుడికి ఎలా తెలుస్తుంది? ఆయనకు కనిపించింది ఒక అలవాటు, దాన్ని సరిచేశారు.

పుస్తకానికి మీ ముందు మూడు దారులున్నాయి. ఎనిమిది డాష్‌లూ అలాగే ఉంచడం మొదటిది. తడబడే శ్వాస వస్తుంది, నిద్ర లేని రాత్రికి అది నప్పవచ్చు కూడా. కానీ సంపుటి అంతా ఇలాగే ఉంటే పది పేజీలు దాటాక పాఠకుల కళ్లు డాష్‌ను చూడడం మానేస్తాయి. పని చేసే మూడు కూడా అప్పుడు కనిపించకుండా పోతాయి.

రెండోది, ఆ మూడే ఉంచడం. ఇలా ఉంటుంది:

తెల్లవారుతోంది
అన్న రాలేదు –
రైలు ఇంకా దారిలోనే
నాన్న కళ్లు తలుపు మీద
అమ్మ – చేయి వదలలేదు
నేను నీళ్లు తాగించి
మూతి తుడిచి
వచ్చాడు
అని చెప్పి –

ఇందులో ఒక చిక్కు మిగిలింది చూడండి. ‘దారిలోనే’ తర్వాత ఏమీ లేకపోవడంతో రైలు పంక్తి పైదానికీ కిందిదానికీ రెండింటికీ చెందగలదు. డాష్ పైకి లాగుతోంది కాబట్టి నాకు ఫర్వాలేదనిపిస్తోంది. ఖచ్చితంగా ఉండాలంటే అక్కడ ఒక్క చుక్క పెట్టండి. కవిత మొత్తంలో అదొక్కటే చుక్క అవుతుంది, అన్నయ్య సంగతి అక్కడితో ముగిసి నాన్న దగ్గరకు చూపు మళ్లుతుంది. దీని ఖరీదు ఏమిటంటే రైలు ఆగిపోయినట్టుంటుంది, ‘ఇంకా’ అన్న మాటలోని కదలిక తగ్గుతుంది.

మూడోది, ఏ గుర్తూ పెట్టకుండా ఆ పని మాటల చేత, మాటల వరస చేత చేయించడం. ‘ఇంకా’ను పైకి జరిపి ‘అన్న ఇంకా రాలేదు / రైలు దారిలోనే’ అనండి. ఇప్పుడు ఎవరు చుక్క పెట్టినా అది తీర్పు కాలేదు, ‘ఇంకా’ అడ్డుపడుతుంది. అమ్మ పంక్తిని ‘చేయి వదలలేదు అమ్మ’ అని తిప్పండి. ఇక ఏ గుర్తు పోయినా వదలనిది అమ్మే. ‘అమ్మ మాత్రం చేయి వదలలేదు’ అని రాయాలనిపిస్తుంది, రాయకండి. ‘మాత్రం’ అనగానే వదిలేసినవాళ్లు ఎవరో ఉన్నట్టవుతుంది, చూపు నేరుగా మీ అన్నయ్య మీదికి వెళుతుంది. ఈ దారిలో లాభం భద్రత. గుర్తు అచ్చులో ఎగిరిపోవచ్చు, మాట పోదు. నష్టం కూడా ఉంది. ‘అన్న రాలేదు’లోని మోటుదనం, మొదట గుండె ఝల్లుమని తర్వాత కారణం తెలియడం, ఇవి పోతాయి. ‘వదలలేదు అమ్మ’ అన్న తిప్పుడులో కాస్త పాట వాసన వస్తుంది. అది మీ గొంతుకు సరిపోతుందో లేదో పైకి చదివి చూసుకోండి.

నేను రెండో దారి వైపు మొగ్గుతాను. కానీ ఇదే కవితను మీరు మళ్లీ పత్రికలకో, నలుగురి చేతులు మారే చోటికో పంపేటట్టయితే మూడోదే మేలు. ఇతర కవితలకు ఒక పరీక్ష చెబుతాను. ఒక్కో డాష్‌ను వేలితో మూసి ఆ పంక్తిని పైకి చదవండి. అర్థమో, కర్తో, ఊపిరి పట్టే తీరో మారితే ఉంచండి. ఏమీ మారకపోతే కొట్టేయండి.

డీటీపీ దగ్గర జాగ్రత్తలు కొన్ని. ఫోనులో టైపు చేసేటప్పుడు చాలామంది డాష్ అనుకుని మాటలను కలిపే పొట్టి గీత, అంటే హైఫన్, కొడతారు. అచ్చులో ‘అమ్మ-చేయి’ అని అతుక్కుంటే విడదీయాల్సిన గీతే జత చేస్తుంది. పొడవు డాష్ వాడి, అటూ ఇటూ ఖాళీ వదలండి. యూనికోడ్‌లో పంపిన ప్రతిని పాత డీటీపీ ఫాంట్లలోకి మార్చేటప్పుడు డాష్‌లు, కొటేషన్లు వేరే గుర్తులుగా మారడం, మాయమవడం జరుగుతుంటుంది. అందుకే రాతప్రతితో పాటు పీడీఎఫ్ కూడా ఇచ్చి, ‘విరామచిహ్నాలు ఉన్నవి ఉన్నట్టు, లేనిచోట లేనట్టు’ అని రాసి ఇవ్వండి. డాష్ పంక్తి చివరి నుంచి జారి తర్వాతి పంక్తి మొదట్లో పడిందేమో ప్రూఫులో చూడండి. కోలన్‌కు మాత్రం తెలుగు కవితలో దూరంగా ఉండండి. అక్షరం పక్కన అది విసర్గలా కనిపిస్తుంది.

పత్రికను సవరణ అడగవచ్చు, ఆ హక్కు మీకుంది. వేస్తే మీ పాఠం రికార్డులో నిలుస్తుంది. కానీ ‘డాష్ బదులు చుక్క పడింది’ అన్న సవరణను చదివేవాళ్లు మళ్లీ రెండో పంక్తినే చదువుతారు, అన్నయ్య రాని సంగతి రెండోసారి అచ్చవుతుంది. సవరణ అడగకుండా, ఇకపై పంపే కవితల్లో మార్పులుంటే అచ్చుకు ముందు చూపించమని అడిగితే మీకు ఎక్కువ ఉపయోగం. వాళ్లు ఒప్పుకోకపోతే అక్కడికి ఏ కవితలు పంపాలో, ఏవి పంపకూడదో తేల్చుకోవచ్చు. కొటేషన్ గుర్తులు ఎందుకు వద్దో మాత్రం ఆ ఉపసంపాదకుడికి రెండు వాక్యాల్లో రాయండి. వాదనగా కాదు, ఆయన రేపు ఇంకొకరి కవితకు ఆ పని చేయకుండా.

ఇక అన్నయ్య. తప్పంతా చుక్కదేనని చెప్పి ఫోను కలపాలని మీకు అనిపిస్తుంది. అది సగం నిజం. చుక్క తీర్పుగా మార్చింది, కానీ ‘రాలేదు’ అన్న మాట మీదే. ఆయన రాలేకపోవడం ఆయనకు ఎలాగూ నొప్పే, అది అచ్చులో కనిపించింది. డాష్ ఉన్నా ఆయనకు కొంత నొప్పి కలిగేది. అందుకని ‘నేనలా రాయలేదు’ అని మొదలుపెడితే ఆయన అచ్చయిన కాగితం తీసి అవే మాటలు చూపిస్తారు, వాదన అక్కడే ఆగిపోతుంది. నేరుగా కలిసే వీలుంటే మీరు రాసిన పాఠాన్ని పైకి చదివి వినిపించండి. ‘రాలేదు’ దగ్గర ఆగకుండా రైలులోకి వెళ్లండి, ‘వచ్చాడు’ దగ్గర ఆగండి. తెల్లవారుజామున నాన్న విన్నది ఆ మాటేనని ఆయనకు ఇంతవరకు ఎవరైనా చెప్పారా? మీ లేఖలో ఆ సంగతి లేదు. కలిసే వీలు లేకపోతే చేతిరాత ప్రతిని పోస్టులో పంపండి. వాట్సాప్‌లో పంపితే చదివిన క్షణంలోనే జవాబు రాస్తారు, కోపం తగ్గకముందే.

పుస్తకం ప్రూఫులు వచ్చాక ఈ ఒక్క పేజీ ఆయనకు చూపించండి. వద్దంటే ఈ కవితను పక్కన పెడతారా, ‘ఇంకా రాలేదు’ అని మార్చి వేస్తారా, ఆయన ఇష్టంతో పని లేకుండా వేస్తారా అన్నది ఆయన్ని అడగకముందే మీలో మీరు తేల్చుకోవాలి. ఆ మూడోదే మీ జవాబైతే ఆయన్ని అడగకండి, వేస్తున్నానని చెప్పండి.